క్రెడిట్ ఇచ్చినా రీచ్ ఎందుకు పడిపోయింది?

ఎంవీపీ కాలనీలో నాదొక చిన్న ఎడిటింగ్ గది. పెళ్లి వీడియోలు, షాపుల ప్రకటనలు, అప్పుడప్పుడు ఇన్‌స్టాగ్రామ్ పేజీల పని చేస్తుంటాను. జూలై రెండో వారంలో ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. వైజాగ్ అందాల మీద పేజీ నడుపుతాడు, నలభై వేల పైన ఫాలోవర్లు ఉన్నారు. ఆర్కే బీచ్‌లో సూర్యోదయం, వంజంగి మేఘాలు, లంబసింగి పొగమంచు, యారాడ కొండ మీద నుంచి సముద్రం... ఇవే అతని సరుకు. "ఏటన్నా ఇది, నేను సొంతంగా తీసిన రీల్ కూడా ఎవరికీ వెళ్లట్లేదు" అన్నాడు. రెండు వారాల క్రితం దాకా లక్షల్లో ఉన్న వ్యూస్ మూడు నాలుగు వేల దగ్గర ఆగిపోయాయి.

చెప్పాపెట్టకుండా పేజీని తొక్కేసే షాడోబ్యాన్ అని ఎవరో చెప్పారట. ఎవరో పగబట్టి రిపోర్ట్ కొట్టారని ఇంకొకరు చెప్పారట. రెండూ కాదు. పేజీ తెరిచి పై నుంచి కిందికి చూస్తే సంగతి అయిదు నిమిషాల్లో తేలిపోయింది. నెల రోజుల్లో పెట్టిన పాతిక రీల్స్‌లో పద్నాలుగు వేరేవాళ్లవి. ప్రతి దాని కిందా "క్రెడిట్స్ ఫలానా" అని మర్యాదగా రాశాడు. ఆ మర్యాద వల్ల ఉపయోగం ఎందుకు లేదో అర్థమైతే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

2024 ఏప్రిల్ 30న ఇన్‌స్టాగ్రామ్ తన రికమెండేషన్ల పద్ధతిలో కొన్ని మార్పులు ప్రకటించింది. రికమెండేషన్ అంటే మనల్ని ఫాలో కానివాళ్లకి మన రీల్ చూపించడం. రీల్స్ ట్యాబ్‌లో వేలితో పైకి తోస్తూ ఉంటే వచ్చేవి, ఎక్స్‌ప్లోర్ పేజీలో కనిపించేవి, ఫీడ్ మధ్యలో "మీకోసం" అన్నట్టు దూరేవి అన్నీ ఇందులోకే వస్తాయి. ఫాలోవర్లకి చూపించడం వేరే దారి. కొత్త నియమం ఈ రెండో దారిని ముట్టుకోలేదు, మొదటిదాన్నే మూసేసింది. అందుకే కుర్రాడికి వ్యూస్ సున్నా కాలేదు, నాలుగు వేల దగ్గర నిలబడ్డాయి. ఆ నాలుగు వేలూ దాదాపు పాత ఫాలోవర్లే.

ఈ మార్పులో రెండు అంచెలు ఉన్నాయి. చాలామంది వీటిని కలిపేసి మాట్లాడుకుంటారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మొదటి అంచె ఒక్క క్లిప్‌కి సంబంధించింది. ఒకేలా ఉన్న రెండు రీల్స్ దొరికితే, ఏది అసలుదో యంత్రం పోల్చుకుని, రికమెండేషన్లలో అసలుదాన్నే చూపిస్తుంది. ఎత్తి పెట్టినదాని చోట్లోకి అసలుది వచ్చేస్తుంది. ఎత్తి పెట్టినదాని మీద అసలు మనిషి పేజీకి దారి చూపే లేబుల్ కూడా పడవచ్చు. ఇక్కడ నష్టం ఆ ఒక్క రీల్‌కే. మీరు నెలకి ఒక్కటే ఎత్తి పెట్టినా ఇది జరగవచ్చు, మిగతా పేజీకి ఏమీ కాదు.

రెండో అంచె మొత్తం పేజీకి సంబంధించింది, మా కుర్రాడు పడింది ఇందులోనే. గడచిన 30 రోజుల్లో పది లేదా అంతకంటే ఎక్కువ సార్లు, తను తయారు చేయనివి, చెప్పుకోదగ్గ మార్పేదీ చేయనివి పెట్టిన పేజీని ఇన్‌స్టాగ్రామ్ రికమెండేషన్ల నుంచి తీసేస్తుంది. అప్పుడు ఆ పేజీలో సొంతంగా తీసిన రీల్స్ కూడా కొత్తవాళ్లకి వెళ్లవు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చలిలో వంజంగి ఎక్కి తీసిన రీల్ కూడా ఆ పద్నాలుగు అరువు క్లిప్పుల పాపం మోయాల్సిందే. కుర్రాడికి ఎక్కువ బాధ కలిగించింది ఇదే. నాకూ కాస్త కఠినంగానే అనిపిస్తుంది. కానీ అవతలి మనిషి వైపు నుంచి కూడా చూడాలి కదా. ఆ చలిలో కొండెక్కి తీసినవాడికి రెండు వేల వ్యూస్ వస్తే, ఇంట్లో కూర్చుని దింపుకుని పెట్టినవాడికి రెండు లక్షలు వచ్చేవి. ఏళ్ల తరబడి నడిచింది ఇదే.

ఇప్పుడు క్రెడిట్ సంగతి. నియమం అడిగేది "నువ్వు తయారు చేశావా, లేకపోతే చెప్పుకోదగ్గ మార్పు చేశావా" అని. పేరు రాశావా అని ఆ నియమం అడగదు. కింద పేరు రాయడం మంచి అలవాటే, కానీ దానివల్ల వీడియో మీది అయిపోదు. అసలు మనిషి "పెట్టుకో తమ్ముడూ" అని మెసేజ్‌లో అనుమతి ఇచ్చినా అంతే. ఆ అనుమతి కాపీరైట్ గొడవ రాకుండా కాపాడుతుంది, అది వేరే లెక్క. కాపీరైట్ ఫిర్యాదు వస్తే వీడియోనే తీసేస్తారు. ఇక్కడ వీడియో ఉంటుంది, ఫాలోవర్లకి కనిపిస్తుంది, కొత్తవాళ్లకి మాత్రం వెళ్లదు. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా ఇది జరుగుతుంది.

మరి చెప్పుకోదగ్గ మార్పు అంటే ఏంటి? మావాడి పేజీ నుంచే రెండు రీల్స్ తీసుకుంటాను. మొదటిది తెన్నేటి పార్క్ దగ్గర అలలు రాళ్లని కొట్టే క్లిప్, ఎవరో డ్రోన్‌తో తీసింది. మావాడు పైన "మన వైజాగ్" అని అక్షరాలు వేశాడు, మూలన తన పేజీ లోగో పెట్టాడు, ట్రెండింగ్ పాట మార్చాడు, చివర రెండు సెకన్లు కత్తిరించాడు. ఇంత పని చేశాక తనదే అనుకున్నాడు. కాదు. ఇందులో చూసేవాడికి కొత్తగా దొరికింది ఏమీ లేదు. లోగో వేయడం, అంచులు కోయడం, వేగం కాస్త పెంచడం, నాలుగు క్లిప్పులు అతికించడం, ఇవన్నీ ఈ లెక్కలో పనికిరానివే.

రెండోది కూడా అరువు క్లిప్‌తో మొదలైందే. 2020 అక్టోబరులో వాయుగుండం సమయంలో 'ఎంవీ మా' అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ తెన్నేటి పార్క్ ఒడ్డుకి కొట్టుకొచ్చింది, గుర్తుందా? దాని పాత క్లిప్ మూడు సెకన్లు చూపించి, ఆ వెంటనే తనే ఇప్పుడు అదే ఒడ్డున నిలబడి, ఓడ ఎక్కడ ఆగిందో వేలితో చూపిస్తూ తన గొంతుతో చెప్పాడు. నలభై సెకన్ల రీల్‌లో ముప్పై ఏడు సెకన్లు తనవే. అరువు ముక్క ఇక్కడ సాక్ష్యంగా వచ్చింది, కథ మావాడిది. ఇది నిలబడుతుంది. నేను వాడే కొలబద్ద చాలా మోటుగా ఉంటుంది. అరువు ముక్కని తీసేసి చూడు, ఇంకా చూడటానికి ఏమైనా మిగిలిందా? మిగిలితే పరవాలేదు. మిగలకపోతే అది ఎత్తి పెట్టిందే. ఇది ఇన్‌స్టాగ్రామ్ చెప్పిన సూత్రం కాదు, నా గదిలో వాడుకునేది. ఇంతవరకు పెద్దగా మోసం చేయలేదు.

ఇక రోగం ఇదేనని ఎలా తెలుసుకోవాలి? రెండు చోట్ల చూడాలి. మొదటిది రీల్ ఇన్‌సైట్స్. చూసినవాళ్లలో ఫాలోవర్లు ఎంత శాతం, కానివాళ్లు ఎంత శాతం అని అక్కడ ఉంటుంది. రీల్ బాగా లేక ఆడకపోతే ఆ ఒక్కటీ పడుతుంది, మరుసటిది లేస్తుంది. పేజీ రికమెండేషన్ల నుంచి బయటికి వెళ్తే, ఒక తేదీ నుంచి వరసగా అన్ని రీల్స్‌కీ ఫాలోవర్లు కానివారి శాతం అడుక్కి పోతుంది. మావాడి పేజీలో అంతకుముందు డెబ్బై ఎనభై శాతం బయటివాళ్లు చూసేవారు, జూన్ నెలాఖరు నుంచి అది అయిదారు శాతం దాటలేదు. అలా గోడ కట్టినట్టు ఒక్క రోజులో పడితే అనుమానించాలి.

రెండోది, నమ్మదగినది, Account Status. ప్రొఫైల్‌లో పైన కుడి పక్కన ఉన్న మూడు గీతలు నొక్కి, సెట్టింగ్స్‌లో కిందికి వెళ్తే దొరుకుతుంది. లేదంటే సెట్టింగ్స్ పైన ఉన్న సెర్చ్ పెట్టెలో ఆ పేరు టైప్ చేస్తే చాలు. ప్రొఫెషనల్ ఖాతాలకి 2022 డిసెంబర్ నుంచి ఇందులో, మీ ఖాతా గానీ పోస్టులు గానీ రికమెండేషన్లకి అర్హత కోల్పోయాయా అన్నది కనిపిస్తోంది. దేనివల్ల సమస్య వచ్చిందో చూపిస్తుంది. అది తీసేయడానికో, మార్చడానికో, పొరపాటు అనుకుంటే మళ్లీ పరిశీలించమని అడగడానికో దారి ఉంటుంది. మావాడు నాలుగేళ్లుగా పేజీ నడుపుతూ ఈ తెర ఒక్కసారి కూడా తెరవలేదు. మొహమాటం లేకుండా చెప్పాలంటే, నా దగ్గరికి వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది తెరవరు.

ఇప్పుడు లెక్క. కాగితం తీసి మావాడి అరువు రీల్స్ తేదీలు రాయించాను. జూన్‌లో 12, 14, 15, 17, 19, 21, 22, 25, 27, 29. జూలైలో 1, 3, 5, 9. మొత్తం పద్నాలుగు. జూన్ 29న పడింది పదోది. ఇన్‌సైట్స్‌లో గోడ కనిపించిందీ దాదాపు అక్కడే. 30 రోజులు అంటే క్యాలెండర్ నెల కాదు, ఒకటో తారీఖున మీటర్ సున్నాకి రాదు. ఏ రోజు చూస్తే ఆ రోజు నుంచి వెనక్కి ముప్పై రోజులు లెక్క. ఈ నెలలో అయిదు, వచ్చే నెలలో అయిదు అని పంచుకుని పెడితే తప్పించుకోవచ్చు అనుకునేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. నెలాఖరులో అయిదు, నెల మొదట్లో అయిదు పడితే అవి పక్కపక్కనే ఉన్నట్టు.

నా దగ్గరికి వచ్చిన రోజున, అంటే జూలై 11న, అరువు క్లిప్పులు ఆపేయమన్నాను. ఆపాడు. జూలై 20న ఫోన్ చేసి, "అన్నా, వెనక్కి ముప్పై రోజులు లెక్కపెడితే ఇప్పుడు తొమ్మిదే ఉన్నాయి, పది దాటలేదు కదా, ఇంకా ఎందుకు తెరుచుకోలేదు?" అన్నాడు. తెలివైన ప్రశ్నే. చిక్కు ఏమిటంటే లోపలికి పడే లెక్క వేరు, బయటికి వచ్చే లెక్క వేరు. పడటానికి పది కావాలి. బయటికి రావడానికి తొమ్మిదికి తగ్గడం సరిపోదు. 2024లో ఇన్‌స్టాగ్రామ్ చెప్పిన ప్రకారం, ఆఖరి అరువు పోస్ట్ పడిన రోజు నుంచి 30 రోజులు గడిస్తే పేజీ మళ్లీ అర్హత పొందుతుంది. మావాడి ఆఖరిది జూలై 9. దానికి ముప్పై కలిపితే ఆగస్టు 8.

అన్నీ అనుకున్నట్టు జరిగితే మనం మనుషులం ఎందుకవుతాం? జూలై 24న సముద్రం బాగా ఎగసింది. వాట్సాప్ గ్రూపుల్లో ఆర్కే బీచ్ రోడ్డు మీదకి నీళ్లు వచ్చిన క్లిప్ తిరిగింది. చేయి ఆగక మావాడు దాన్ని పేజీలో పెట్టేశాడు. అది ఎవరు తీశారో కూడా తెలియదు. ఒక్కటే కదా అనుకున్నాడు. ఆ ఒక్కటీ గడియారాన్ని వెనక్కి తిప్పింది. జూలై 24 నుంచి ముప్పై రోజులంటే ఆగస్టు 23. పదిహేను రోజుల శిక్ష ఒక్క క్లిప్ ఖరీదు. తెల్లారి తీసేశాడు. కానీ తీసేస్తే గడియారం పాత చోటికి వస్తుందని నేను భరోసా ఇవ్వలేదు, ఆగస్టు 23నే గుర్తు పెట్టుకోమన్నాను.

తీసేయడం గురించి ఇంకో మాట. కంగారులో పాత రీల్స్ అన్నీ తుడిచేసేవాళ్లని చూశాను. Account Status చూపించిన వాటిని తీసేయడం సరే. అయిదేళ్ల కిందటి వాటిని కూడా తవ్వి తీసేయాల్సిన పని లేదు, నియమం చూసేది గడచిన ముప్పై రోజులనే. ఇంకొందరు పేజీ మూసేసి కొత్త పేజీ పెడతారు. నలభై వేలమందిని వదులుకుని, అదే అలవాటుతో మళ్లీ మొదలుపెడితే, కొత్త పేజీ కూడా పదో క్లిప్ దగ్గర అక్కడే తేలుతుంది.

ఈ ముప్పై రోజులూ ఏం పెట్టాలి? ఏమీ పెట్టకుండా కూర్చున్నా గడువు గడిచిపోతుంది. కానీ తిరిగి వచ్చిన రోజున చూపించడానికి సరుకు ఉండదు. వారానికి మూడు చాలన్నాను. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారి చేపల వేలం, బీచ్‌లో మురీ మిక్స్చర్ బండి మనిషి ఒక్క పొట్లం కట్టే తీరు, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు క్యూలో పిల్లలు. డ్రోన్ అక్కర్లేదు, ఫోన్ చాలు. వేరే యాప్‌లో ఎడిట్ చేస్తే దాని వాటర్‌మార్క్ మూలన మిగలకుండా చూసుకోవాలి. వేరే యాప్‌ల గుర్తులున్న రీల్స్‌ని తక్కువగా రికమెండ్ చేస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే చెప్పింది.

వేరేవాళ్ల క్లిప్ నిజంగా నచ్చితే? దానికి దొడ్డిదారి అక్కర్లేదు, రాజమార్గాలే రెండున్నాయి. 2025 ఆగస్టు నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో రీపోస్ట్ బటన్ ఉంది. అది నొక్కితే వీడియో అసలు మనిషి పేరు మీదే ఉంటుంది, మీ ప్రొఫైల్‌లో విడిగా ఒక ట్యాబ్‌లో చేరుతుంది. దింపుకుని మళ్లీ ఎక్కించడం లేదు కాబట్టి, మీరు కొత్తగా పెట్టిన నకలు అంటూ ఏదీ ఉండదు. రెండోది కోలాబ్. అసలు మనిషే పోస్ట్ చేస్తూ మిమ్మల్ని కలుపుకుంటాడు, ఒకే రీల్ రెండు పేజీల్లోనూ కనిపిస్తుంది, వ్యూస్, లైకులు కూడా ఉమ్మడే.

కోలాబ్ సంగతి నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మావాడి పద్నాలుగులో మూడు, డబ్బులు తీసుకుని పెట్టినవి. హోటల్ వాళ్లు బిర్యానీ వీడియో పంపిస్తారు, పెట్టినందుకు ఎంతో కొంత ఇస్తారు. అదే వీడియోని ఆ హోటల్ వాళ్లు అప్పటికే తమ పేజీలో పెట్టేసి ఉంటారు. మనిషి దృష్టిలో అది ప్రకటన. యంత్రానికి మాత్రం, నిన్న ఒక పేజీలో పడ్డ వీడియో ఇవాళ ఇంకో పేజీలో మళ్లీ పడింది, అంతే. ఊరి పేజీలు నడిపేవాళ్లు చాలామంది ఇలాంటివి అరువు లెక్కలోకి వస్తాయని ఊహించరు, వాటి వల్లే పది దాటేస్తారు.

ఇంకో రకం చిక్కు తిరగబడి వస్తుంది. వీడియో మీదే, కానీ యంత్రం మీది కాదంటుంది. మీరు తీసిన క్లిప్‌ని పోస్ట్ చేయకముందే వాట్సాప్ గ్రూపులో పెడతారు. మీరు ఎడిట్ చేసుకునేలోపు ఇంకొకడు పేజీలో ఎక్కించేస్తాడు. ఇలాంటప్పుడు Account Status లోనే మళ్లీ పరిశీలించమని అడగాలి. ఫోన్‌లో అసలు ఫైల్‌ని, ఆ రోజు తీసిన మిగతా ముక్కలతో సహా ఉంచుకోవాలి. అన్నిటికంటే తేలిక ఏమిటంటే, ముందు పేజీ, తర్వాతే గ్రూపు.

ఫేస్‌బుక్‌కి కూడా అదే రీల్ ఒకేసారి పంపేవాళ్లు ఒకటి గమనించాలి. 2025 జూలైలో మెటా అక్కడ కూడా ఇదే దారి పట్టింది. పదే పదే వేరేవాళ్ల వీడియోలు, ఫొటోలు, రాతలు వాడుకునే ఖాతాలకి, పెట్టే ప్రతి పోస్టుకీ పంపిణీ తగ్గిస్తామని, కొంతకాలం డబ్బు సంపాదించే సౌకర్యాలు కూడా ఆపేస్తామని చెప్పింది. అంటే అక్కడ చూపుతో పాటు జేబు మీద కూడా దెబ్బ. యూట్యూబ్‌లో వేరేవాళ్ల వీడియోలు వాడుకోవడంపై ఉన్న నియమం ముఖ్యంగా ప్రకటనల ఆదాయానికి సంబంధించింది, దాన్ని దీనితో కలిపి టెన్షన్ పడనక్కర్లేదు.

అర్హత వచ్చిందంటే రీచ్ వచ్చిందని కాదు, ఇది కూడా ముందే చెప్పాను. గేటు తెరుస్తారు, లోపలికి వెళ్లి ఆడాల్సింది మీ రీలే. ఎత్తి పెట్టిన రోజుల్లో లక్షలు వచ్చింది అప్పటికే బాగా ఆడిన క్లిప్‌నే ఏరి పెట్టాడు కాబట్టి. సొంత రీల్స్‌కి ఆ సౌలభ్యం ఉండదు.

ఆగస్టు 23 ఉదయం మావాడు Account Status తెరచి స్క్రీన్‌షాట్ పంపాడు, రికమెండేషన్లకి అడ్డేమీ లేదని ఉంది. ఆ వారం పెట్టిన చేపల వేలం రీల్‌కి పదకొండు వేల వ్యూస్ వచ్చాయి, చూసినవాళ్లలో సగానికి కొంచెం తక్కువ బయటివాళ్లు. పాత లక్షల ముందు చిన్న అంకె. రెండు రోజుల తర్వాత నా గదిలో కూర్చుని ఉండగా హోటల్ వాళ్ల దగ్గర్నుంచి మళ్లీ ఒక బిర్యానీ వీడియో వచ్చింది. మావాడు దింపుకోకుండానే ఫోన్ చేశాడు. "ముందు మీ పేజీలో మీరే పెట్టండన్నా, నన్ను కోలాబ్‌కి పిలవండి. డబ్బులు మాత్రం పాత రేటే."